రివ్యూ లేకుండా రిప్లై రాయమంటే

"ఈ రివ్యూకి మంచి రిప్లై రాసిపెట్టు బాబూ" అని టిఫిన్ సెంటర్ యజమాని వాట్సాప్‌లో పంపుతాడు. కింద రివ్యూ ఉండదు. హడావిడిలో పేస్ట్ చేయడం మరిచిపోయాడు.

హోటల్ మీద ఫిర్యాదంటే రుచి గురించే అయ్యుంటుందనుకుని "మా వంట నచ్చనందుకు క్షమించండి" అని రాసిచ్చేవాళ్లున్నారు. అది చాలా ప్రమాదం. ఆ కస్టమర్ రెండు స్టార్లు ఇచ్చి, "ఇడ్లీ బాగుంది, పార్సిల్‌లో సాంబార్ లేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు" అని రాశాడనుకోండి. ఎవరూ వేలెత్తి చూపని వంటను మనమే తప్పుపట్టినట్టవుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో రిప్లై అందరికీ కనిపిస్తుంది. తర్వాత మార్చుకోవచ్చు, కానీ ఈలోగా చదివినవాళ్లు చదివేస్తారు.

"అన్నా, రివ్యూ రాలేదు. స్క్రీన్‌షాట్ పంపండి" అని అడగడమే సరైన పని. స్క్రీన్‌షాట్ అయితే స్టార్లు, ఎప్పుడు పెట్టారన్నదీ కూడా తెలుస్తాయి. ఆయన పనిలో ఉంటే, మ్యాప్స్‌లో హోటల్ పేజీ తెరిచి కొత్త రివ్యూలు ముందు వచ్చేలా పెట్టి చూడొచ్చు. కొత్తవి రెండుంటే మాత్రం ఏదో అడిగి తీరాలి.

రివ్యూ చేతికొచ్చాక, పార్సిల్ కట్టినవాళ్లను కూడా కనుక్కుని ఇలా రాయొచ్చు: "పార్సిల్‌లో సాంబార్ పెట్టకపోవడం, ఫోన్ ఎత్తకపోవడం మా పొరపాటే, క్షమించండి. బిల్లుతో కౌంటర్‌లో కలవండి, ఆ డబ్బు తిరిగిస్తాం." డబ్బు మాట మాత్రం యజమాని ఒప్పుకున్నాకే రాయాలి.