పన్నెండు లక్షల బిల్లులో పోయిన పైసా

టాలీలో రూ.12,34,567.89 అని ఉన్న బిల్లును మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి ఎక్కించారనుకోండి. అక్కడ మొత్తం రాసే గడిని `FLOAT` రకంగా పెట్టారు. లోపల దాచుకునేది మాత్రం 1234567.875. పైసలకు సవరిస్తే 88 అవుతుంది. ఒక పైసా పోయింది.

కారణం చోటు చాలకపోవడం. `FLOAT` సంఖ్యను 24 బిట్లలో, అంటే 24 ద్విసంఖ్యా స్థానాల్లో దాస్తుంది. పన్నెండు లక్షల పూర్ణాంకానికే 21 సరిపోతాయి. మిగిలిన మూడింటితో రూపాయిని ఎనిమిది భాగాలుగా మాత్రమే చెప్పగలం, అంటే పన్నెండున్నర పైసల మెట్లు. 89 పైసలకు దగ్గరి మెట్టు 87.5. చిన్న బిల్లుల్లో మెట్లు సన్నగా ఉంటాయి కాబట్టి పరీక్షించేటప్పుడు ఇది బయటపడదు.

`DOUBLE` పెడితే బిల్లు నిలుస్తుంది గానీ, అక్కడా 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. డెబిట్, క్రెడిట్ సమానమా అని చూసే ప్రోగ్రాం కాదంటుంది.

డబ్బుకు తగినది ఇదే:

```
amount DECIMAL(15,2)
```

మధ్యలో నడిచే ప్రోగ్రాం కూడా మొత్తాన్ని ఫ్లోట్‌గా మార్చకుండా అక్షరరూపంలోనే అందించాలి. పాత పట్టికను మార్చినంత మాత్రాన పోయిన పైసా తిరిగి రాదు. టాలీ నుంచి మళ్లీ ఎక్కించుకోవాల్సిందే.