ఫొటోలో మగ్గం కనిపిస్తుందా?

సంక్రాంతి పండగ ముగుస్తూనే అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయల్దేరతాడు. నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, తన పెళ్లికి రమ్మని జనాన్ని తానే పిలిచి వస్తాడని నమ్మకం. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, స్వామి కల్యాణం. ఆళ్లగడ్డ, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఇళ్లల్లోనూ పెళ్లి పనులు మొదలవుతాయి. ఒకప్పుడు పెళ్లి పట్టుకు ఇంటిల్లిపాదీ ధర్మవరం పోయేవాళ్లు, లేదా ప్రొద్దుటూరు బజారులో కూర్చుని చీర వెనక చీర విప్పించేవాళ్లు. ఇప్పుడు చాలా బేరాలు వాట్సాప్‌లోనే తెగిపోతున్నాయి. అంచు మడిచి చూసే వీలు లేదు, జరీని గీకి చూసే వీలు లేదు. ఉన్నవల్లా నాలుగు ఫొటోలు, ‘ప్యూర్ హ్యాండ్లూమ్’ అనే రెండు మాటలు.

ఆ ఫొటోలు ఏం చెప్పగలవో చూసే ముందు, మనం అడిగే ప్రశ్నలను విడదీసుకోవాలి. దారం పట్టేనా అన్నది ఒకటి. జరీ అసలుదేనా అన్నది మరొకటి. నేసింది చేనేత మగ్గమా, మరమగ్గమా అన్నది మూడోది. అమ్మేవాళ్లు ఈ మూడింటినీ కలిపేసి, ఒకదానికి జవాబిచ్చి మిగతా రెండింటినీ దాటేస్తుంటారు. కేంద్ర పట్టు మండలి ప్రోత్సాహంతో వచ్చిన సిల్క్ మార్క్ సంగతే తీసుకోండి. అది దారం పట్టేనని మాత్రమే చెబుతుంది. మరమగ్గం మీద నేసిన పట్టుచీరకూ ఆ లేబుల్ న్యాయంగానే ఉండొచ్చు. చేనేత అని చెప్పేది హ్యాండ్లూమ్ మార్క్. లేబుల్ ఫొటో పెద్దది చేసి, అది ఈ రెండింటిలో ఏదో ముందు చదవండి.

ఇక చీర. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రటి పెద్ద అంచు, రెండూ కలిసేచోట కోటకొమ్మల్లాంటి పళ్లు. ధర్మవరం కుట్టు చీర అని ఫొటోలు వచ్చాయనుకుందాం. కుట్టు చీరకు మూడు నాడెలు ఆడాలి. ఒంటికి ఒకటి, రెండు అంచులకు రెండు. ఆకుపచ్చ పేక అంచు దాకా వచ్చి, అక్కడ ఎర్ర పేకతో మెలిక వేసుకుని వెనక్కి మళ్లుతుంది. అది అంచులోకి అడుగుపెట్టదు. మామూలు మరమగ్గం మీద ఒకే పేక ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెడుతుంది. పడుగును ఎంత ఎర్రగా వేసినా, ఆ ఎరుపు గుండా ఆకుపచ్చ పేక దూరిపోక తప్పదు.

కాబట్టి జరీ లేని చోట అంచును దగ్గరగా తీయించండి. ఎర్ర పడుగు మధ్యలో ఆకుపచ్చ చుక్కలు తొంగిచూస్తే, లేదా చీర అటూ ఇటూ కదిపినప్పుడు అంచు ఎరుపు కాస్త నల్లబడి రెండు రంగులుగా మారితే, అది కుట్టు చీర కాదు. ధర్మవరం చీరల ఒంట్లో రెండు రంగుల మెరుపు ఉండడం అందరూ ఎరిగిందే. అది అందం కోసం కావాలని వేసే జోడీ. కుట్టు అంచులో మాత్రం ఒంటి రంగు కనిపించడం తంటానే.

ఇక్కడే తొందరపడకూడదు. ఒకే నాడెతో నేసే చేనేత చీరలు బోలెడున్నాయి. వాటి అంచులోనూ ఒంటి రంగు కలుస్తుంది. ‘కుట్టు’ అని చెప్పి, కుట్టు ధర అడిగి, అంచులో ఆకుపచ్చ చూపిస్తేనే మోసం. అమ్మే మనిషి కుట్టు అని అనకపోతే ఈ పరీక్ష ఏమీ తేల్చదు.

రెండో ఫొటో ఆ కలిసేచోటి వెనక వైపుది. నాకు చీర ముందువైపు కంటే ఇదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే దీన్ని ముస్తాబు చేయాలని ఎవరికీ తోచదు. అసలు కుట్టు చీరలో పళ్ల పొడవునా రెండు రంగుల పేకలూ మెలిపడిన సన్నని గట్టు కనిపిస్తుంది. జకార్డుతో పళ్ల బొమ్మ మాత్రం నేసిన నకలులో ఆ మెలిక ఉండదు. వెనక పోగులు వేలాడుతుంటాయి, లేదా వాటిని కత్తిరించిన నూగు ఉంటుంది. ఒంటిమీది బుటాలకూ ఇదే చూపు పనికొస్తుంది. ప్రతి బుటాకు విడిగా చిన్న కండెతో దారం వేసి నేస్తే, దారం ఆ బుటాలోనే మళ్లుతుంది, వెనక శుభ్రంగా ఉంటుంది. అయితే చేనేత మగ్గం మీద కూడా జరీని పన్నా నిండా పారించి, తర్వాత వెనక కత్తిరించే పద్ధతి ఉంది. నూగు కనబడగానే మరమగ్గమని తీర్పు చెప్పకండి.

మూడోది అంచు కొస. నేసేటప్పుడు బట్ట పన్నా ముడుచుకోకుండా, రెండు కొసలకూ సూదులున్న కర్ర ఒకటి అడ్డంగా బిగిస్తారు. నేత సాగేకొద్దీ నేతగాడు దాన్ని ఊడదీసి ముందుకు జరుపుతాడు. ఆ సూదిగుర్తులు కొన్ని ఒకచోట, కాస్త ఎడంతో మరికొన్ని ఇంకోచోట పడతాయి. మనిషి జరిపేది కాబట్టి ఎడం అన్నిచోట్లా ఒక్కటిగా ఉండదు. మరమగ్గంలో ఆ పని ముళ్ల చక్రాలు చేస్తాయి. అవి తిరుగుతూనే ఉంటాయి గనుక గుర్తులు తెంపు లేకుండా, గీత గీసినట్టు వరసగా పడతాయి. ఇస్త్రీ, గంజి పడ్డాక ఈ గుర్తులు మాసిపోవచ్చు. కనుక కొత్త చీరకు, వెలుతురు పక్కనుంచి పడేటట్టు తీసిన ఫొటో కావాలి.

ఇదే కొసలో ఇంకోటి చూడండి. నాడె లేని కొత్తరకం మరమగ్గాల్లో ప్రతి పేకనూ కొస దగ్గర కత్తిరిస్తారు. అక్కడ సన్నని కుచ్చులాగా తెగిన పోగులు కనిపిస్తే, అది చేనేత కాదని ఇంకేమీ అడగకుండా చెప్పేయొచ్చు. కొస నున్నగా మళ్లి ఉంటే మాత్రం చేనేతే అనుకోకండి. నాడె ఆడే పాత మరమగ్గం అంచు కూడా అలాగే మళ్లుతుంది. ఫొటోకు ‘కాదు’ అనడం బాగా వచ్చు, ‘అవును’ అనడం అంతగా రాదు.

జరీ విషయంలో ఫొటో ఇంకా బలహీనం. అసలు జరీ అంటే పట్టు దారం మీద సాగగొట్టిన వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. నకిలీది మెరిసే ప్లాస్టిక్ పొర. రెండింటికీ మధ్య రాగి తీగ జరీ ఒకటుంది. ప్లాస్టిక్ జరీ ఎండలో చుక్కచుక్కగా మిలమిలలాడుతుంది, వెండి జరీ మెత్తగా వెలుగుతుంది. కానీ ఫోన్ కెమెరాలే ఈ తేడాను తుడిచేస్తాయి. నమ్మదగింది ఒకటే. లోపలివైపు కొసన వదులుగా ఉన్న ఒక్క జరీ పోగును గోటితో గీకి ఫొటో పంపమనండి. తీగ ఊడాక ఎర్రని పట్టు కనిపిస్తే మంచిదే. తెల్లని నూలు బయటపడితే అది నకిలీ. అప్పటికీ చీర చేనేతది కాదని కాదు. ధర తగ్గించడానికి నకిలీ జరీతో నేసే చేనేత మగ్గాలూ ఉన్నాయి.

నేత నిండుతనం చూసి తేల్చుదామనుకునే వాళ్లకు ఒక హెచ్చరిక. చేత్తో కొట్టే దెబ్బ అన్నిసార్లూ ఒకేలా ఉండదు కాబట్టి ఒంట్లో అడ్డంగా సన్నని చారలు రావొచ్చు. ఇది నిజమే. అయితే పట్టును ఫోన్‌తో తీస్తే లేని చారలు కూడా వస్తాయి. కాస్త దగ్గరగా, కాస్త దూరంగా రెండు ఫొటోలు తీసినప్పుడు చార చోటు మారితే అది కెమెరా పుట్టించింది.

మరి ఇంత నకలు బాహాటంగా ఎలా సాగుతోంది? 1985 చేనేత రిజర్వేషన్ చట్టం కింద అంచు, కొంగు డిజైన్లున్న చీరల్లాంటి 11 రకాలు చేనేతకే కేటాయించారు. సుప్రీంకోర్టు 1993లో ఆ చట్టాన్ని సమర్థించింది. ధర్మవరం చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపూ ఉంది. కానీ చట్టం మగ్గం దగ్గర పట్టుకోవాలి. చీర మడతపెట్టి కొట్టుకు చేరాక, అది ఏ మగ్గం మీదిదో చెప్పడానికి మిగిలేది ఈ చిన్న గుర్తులే.

పెళ్లికి కొంటున్నవాళ్లు డబ్బు పంపేముందు మూడు ఫొటోలు అడగండి: అంచు ఒంటిని కలిసేచోటి వెనకవైపు, అంచు కొస, గీకిన జరీ పోగు. ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి తీయమనండి, వేరేవాళ్ల చీర ఫొటో పంపకుండా. ఇవ్వనంటే ఆ బేరం వదిలేయండి.