కనిపించని కర్ర, దానంతట అదే సాగే గీత

తోలుబొమ్మకు నడిమధ్యన నిలువుగా ఒక కర్ర ఉంటుంది. చేతులను కీళ్ల దగ్గర దారంతో కట్టి, వాటికి వేరే పుల్లలు పెడతారు. ఆటగాడు నడిమి కర్రను జరిపితే చేతులతో సహా బొమ్మంతా జరుగుతుంది. చేతిపుల్లను ఆడిస్తే చెయ్యి ఒక్కటే ఆడుతుంది, ఒళ్లు కదలదు. సినిమా మొదలయ్యే ముందు తెర మీద ఒక లోగో గీతలు గీతలుగా విచ్చుకుని, చివరికి నిండుగా నిలబడే ఆ మూడు నాలుగు సెకన్ల వెనక చాలాసార్లు ఉండేది ఇదే పద్ధతి.

ఇలాంటి పనికి ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్. అందులో నడిమి కర్రలా పనిచేసేది నల్. Layer మెనూలో New, అందులో Null Object నొక్కితే తెర మధ్యన చిన్న చదరపు గీత వస్తుంది. పని చేసేవాళ్లకు మాత్రమే కనిపించే గుర్తు అది, తయారైన వీడియోలో ఉండదు. లోగోలోని ముక్కలను ఈ నల్‌కు కట్టడాన్ని పేరెంటింగ్ అంటారు. ముక్క ఉన్న లేయర్ వరసలో Parent & Link కింద సుడిలాంటి చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని పట్టుకుని నల్ మీదికి లాగి వదిలితే ముడి పడినట్టే. ఇక నల్ జరిగితే ముక్క జరుగుతుంది, నల్ తిరిగితే ముక్క తిరుగుతుంది, నల్ పెరిగితే అదీ పెరుగుతుంది. ఒక్క పారదర్శకత మాత్రం పిల్లలకు రాదు. నల్‌ను ఎంత మసకబార్చినా లోగో నిండుగానే ఉంటుంది. కొత్తవాళ్లు దీని దగ్గర చాలాసేపు తికమకపడతారు.

ఒక లోగో కట్టి చూద్దాం. పైన ఒక వలయం, దాని లోపల జ్వాల, కింద ‘దీపం’ అనే మాట. తెర 1920 బై 1080, సెకనుకు 25 ఫ్రేములు, మొత్తం నాలుగు సెకన్లు.

వలయంతో మొదలుపెడదాం. గీతను గీసి చూపించే పరికరం Trim Paths. షేప్ లేయర్‌కు దాన్ని జోడిస్తే Start, End అని రెండు అంకెలు వస్తాయి. గీత పొడవును వంద భాగాలనుకుంటే, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కనిపించాలో ఆ రెండూ చెబుతాయి. End సున్నా దగ్గరున్నప్పుడు గీత లేదు, వంద చేరేసరికి పూర్తిగా ఉంది. మధ్యలో గీసుకుంటూ పోయే పని సాఫ్ట్‌వేర్‌దే. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో వలయం పన్నెండు గంటల ముల్లు దగ్గర మొదలై గడియారం దిశలో తిరుగుతుంది. అంటే యాభై అనే అంకె సరిగ్గా అడుగున పడుతుంది. దీపం వెలుగు కింది నుంచి పైకి లేవాలి కదా, అందుకే Start, End రెండింటినీ మొదట యాభై దగ్గరే పెడతాను. ఇరవై ఫ్రేముల్లో Start సున్నాకు వస్తుంది, End వందకు వెళుతుంది. గీత అడుగున పుట్టి, ఇరువైపులా పాకి, పైన కలుస్తుంది. వలయం నిండకముందే, పన్నెండో ఫ్రేము దగ్గర జ్వాల గీత మొదలవ్వాలి. ఒకటి పూర్తిగా ఆగాక ఇంకొకటి బయలుదేరితే కదలికలో కుంటుతనం కనిపిస్తుంది.

అసలు కష్టం మాట దగ్గర వస్తుంది. లోగో ఫైలులోంచి వచ్చిన ‘దీపం’ అక్షరాలకు ఉన్నది అంచు మాత్రమే, కలం నడిచిన దారి కాదు. వాటికి నేరుగా Trim Paths తగిలిస్తే అక్షరం చుట్టూ ఉన్న అంచు గీసుకుంటూ పోతుంది, లోపలి రంగేమో వింత ముక్కలుగా తెగి కనిపిస్తుంది. చేత్తో రాసినట్టు రావాలంటే అక్షరం మధ్యలోంచి, కలం వెళ్లే దారినే, పెన్ టూల్‌తో ఇంకో గీత గీయాలి. దాన్ని అక్షరం మందం కంటే కొంచెం లావుగా పెట్టి, అసలు అక్షరాన్ని దాని మీద ట్రాక్ మ్యాట్‌గా వేయాలి. ముగ్గు పోసే అచ్చులో రంధ్రాలున్నంత మేరే పిండి పడినట్టు, లావుపాటి గీత అక్షరం ఆకారంలో ఉన్నంత మేరే కనిపిస్తుంది.

తెలుగు అక్షరాలతో ఇక్కడ ఒక చిక్కుంది. మన రాతలో వంపులు దగ్గరదగ్గరగా ఉంటాయి. ‘దీ’లో కింద ద శరీరం గీస్తుండగా, లావు గీత అంచు పైనున్న గుడి దీర్ఘంలోకి తొంగిచూస్తుంది. ఇంకా రాయని దీర్ఘం కొస ఒక ఫ్రేములో మెరిసి కనిపిస్తుంది. ఫ్రేము తర్వాత ఫ్రేము జరుపుతూ చూస్తే తప్ప ఇది పట్టుబడదు. అక్షరం శరీరాన్ని, దీర్ఘాన్ని రెండు వేర్వేరు మ్యాట్లుగా కోసి, ఒక్కోదానికి తన గీతను తానే ఇవ్వడం దీనికి మందు. ‘ప’ తలకట్టుకూ అంతే. పని రెట్టింపవుతుంది, నిజమే. కానీ మనం పలక మీద దిద్దిన వరసలోనే అక్షరం పుట్టాలని నాకు పట్టుదల. దీర్ఘం ముందు వచ్చి ద తర్వాత వస్తే తెలుగు చదివే కంటికి అది వెంటనే తప్పుగా తోస్తుంది.

గీతలన్నీ కుదిరాక నల్ పని మొదలవుతుంది. లోగో మొత్తం కాస్త పెద్దగా మొదలై, గీసుకుంటూనే మెల్లగా వెనక్కి తగ్గి తన కొలతలో కుదురుకోవాలి. నల్ తెర మధ్యన, 960, 540 దగ్గర ఉంది. దాని కొలత మొదటి ఫ్రేములో 120 శాతం, అరవయ్యో ఫ్రేములో 100 శాతం. ఇక ముక్కలను దానికి కట్టాలి. ఎప్పుడు కట్టాలన్నదే ప్రశ్న.

ముడి వేసేటప్పుడు ముక్క తెర మీద ఉన్నచోటి నుంచి కదలకుండా సాఫ్ట్‌వేర్ జాగ్రత్తపడుతుంది. అందుకోసం దాని అంకెలను నల్ నుంచి లెక్కించి మార్చేస్తుంది. 960, 400 దగ్గరున్న వలయాన్ని నల్ 100 శాతం దగ్గర ఉండగా కడితే, దాని చోటు 0, -140గా మారుతుంది. నల్‌కు 140 చుక్కలు పైన అని దాని అర్థం. ఇందులో తప్పేమీ లేదు. కానీ టైమ్‌లైన్ ముల్లు మొదటి ఫ్రేములో, నల్ 120 శాతం దగ్గర ఉండగా కట్టామనుకోండి. అప్పుడు తెర మీద వలయం మారకూడదు కాబట్టి సాఫ్ట్‌వేర్ వలయం కొలతను 83.3కు తగ్గించి సరిచేస్తుంది. అక్కడికి అంతా బాగానే కనిపిస్తుంది. తీరా అరవయ్యో ఫ్రేముకు నల్ 100కు దిగేసరికి వలయం 83 శాతానికి కుంచించుకుపోయి ఉంటుంది. జ్వాలను సరైన ఫ్రేములో కట్టి వలయాన్ని మాత్రం ఇలా కడితే, జ్వాల వలయాన్ని పొడుచుకుని బయటికి వస్తుంది. నల్ కొలత సున్నా నుంచి మొదలయ్యే పనిలో, ఆ సున్నా దగ్గరే ముడి వేస్తే గొడవ ఇంకా పెద్దది. సున్నాతో భాగించాల్సిన లెక్క అది. దానికి జవాబు లేక ముక్కలు ఎక్కడికో ఎగిరిపోతాయి.

కాబట్టి ముల్లును లోగో స్థిరపడిన ఫ్రేముకు తీసుకెళ్లి, అక్కడ కట్టాలి. నల్‌కు కీఫ్రేములు పెట్టకముందే కట్టేస్తే ఇంకా మేలు. కట్టాక ప్రతి ముక్క Scale ఒకసారి చూడండి. ముందు 100 ఉన్నది ఇప్పుడు 100 కాకపోతే తప్పు ఫ్రేములో కట్టారన్నమాటే.

‘దీపం’ మాట దగ్గర ఇంకొక్క జాగ్రత్త. లావు గీతను, దాని మ్యాట్‌గా ఉన్న అక్షరాన్ని, రెండింటినీ నల్‌కు కట్టాలి. గీతను కట్టి అక్షరాన్ని మరిచిపోతే, నల్ 100 శాతానికి దిగేదాకా గీత అక్షరం కింది నుంచి పక్కకు జారి ఉంటుంది, మాట చివర్లు తెగినట్టు కనిపిస్తాయి. చాలామంది అప్పుడు గీత మందం పెంచి సరిపెట్టబోతారు. తప్పు మందంలో లేదు, ముడిలో ఉంది.

నేను ఫైలు అప్పగించే ముందు నల్‌ను ఒక్కసారి ముప్పై డిగ్రీలు తిప్పి చూస్తాను. కట్టిన ముక్కలన్నీ దానితో పాటు ఒరుగుతాయి, మరిచిపోయింది ఏదైనా ఉంటే అదొక్కటే నిటారుగా నిలబడి కనిపిస్తుంది. నల్‌ను మళ్లీ సున్నా డిగ్రీలకు తెచ్చి, ఆ తర్వాతే దాన్నీ కట్టేసి, అప్పుడు రెండర్‌కు పెడతాను.