జబ్బు ఒకరికి, మాత్ర ఇంటిల్లిపాదికీ

మెనింగోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల మెదడు పొరలు వాచి ఒకరు ఆస్పత్రిలో చేరితే, ఆరోగ్య సిబ్బంది ఆ రోజే ఇంట్లోని వాళ్లందరికీ మాత్రలు ఇస్తారు. ‘మాకు జ్వరం కూడా లేదు కదా, మాకెందుకు?’ అని అడగని ఇల్లుండదు. అడగాల్సిన ప్రశ్నే.

ఈ సూక్ష్మజీవి ఆరోగ్యంగా ఉన్న పదిమందిలో సుమారు ఒకరి ముక్కు వెనక, గొంతులో ఏ బాధా పెట్టకుండా మకాం వేసి ఉంటుంది. నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా దాన్ని మోస్తూ కూడా ఎన్నడూ జబ్బుపడరు. రోగికి అది చాలాసార్లు ఇంట్లోనే, నిక్షేపంలా తిరుగుతున్న మనిషి నుంచే అంటి ఉంటుంది. ఆ మనిషి ఎవరో తెలియదు. ఇంకొకరికి అంటించవచ్చు కూడా. అందుకే రోగితో కలిసి ఉండేవాళ్లకు ఈ జబ్బు వచ్చే అవకాశం బయటి జనంతో పోలిస్తే కొన్ని వందల రెట్లు ఎక్కువ. ముప్పంతా ప్రధానంగా మొదటి వారంలోనే. అందరి గొంతులనూ ఒకేసారి శుభ్రం చేయడమే మాత్ర పని. ఒకరు ఈరోజు, మరొకరు నాలుగు రోజుల తర్వాత మింగితే ఆ సూక్ష్మజీవి ఒక గొంతులోంచి పోయి ఇంకో గొంతు నుంచి తిరిగొస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. హాస్టల్లో ఉండే కుర్రాడు శుక్రవారం రాత్రి జ్వరం, తలనొప్పితో పడుకున్నాడు. తెల్లారేసరికి మెడ బిగుసుకుపోయి, కాళ్లమీద నొక్కినా చెరగని ఊదారంగు మచ్చలు తేలాయి. మాత్రలు ఎవరికివ్వాలి? జబ్బు మొదలవడానికి ముందు వారం రోజులు అతను ఎవరితో గడిపాడో చూడాలి. గదిలోని ముగ్గురికీ తప్పనిసరి. మంగళవారం దాకా అతను పండక్కి ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి అమ్మానాన్నలకు, నాయనమ్మకు, అన్నావదినలకు కూడా. అతన్ని ముద్దు పెట్టుకున్న వాళ్లుంటే, సిగ్గుపడకుండా చెప్పాలి. మాస్కు లేకుండా గొంతులోకి గొట్టం వేసిన డాక్టరుకు ఇస్తారు. వార్డులో అటూఇటూ తిరిగిన వాళ్లకు అక్కర్లేదు. పక్క బెంచీ వాళ్లకు, మెస్సులో భోంచేసిన వాళ్లకు, బస్సులో వచ్చిన వాళ్లకు కూడా ఇవ్వరు. కాలేజీ అంతటికీ పంచాలని తల్లిదండ్రులు పట్టుబట్టడం సహజమే. కానీ అలా పంచితే గొంతులో ఉండి మనకు రక్షణనిచ్చే మంచి సూక్ష్మజీవులు కూడా చస్తాయి, చెడ్డవి మందుకు అలవాటుపడతాయి.

పెద్దవాళ్లకు సిప్రోఫ్లాక్సాసిన్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి, ఒక్కసారే. పిల్లలకు బరువును బట్టి. రిఫాంపిసిన్ ఒక్క మోతాదుతో అయ్యేది కాదు. 600 మిల్లీగ్రాముల చొప్పున పూటకొకటిగా రెండు రోజులు, మొత్తం నాలుగు మోతాదులు. రెండో రోజు మానేసే వాళ్లుంటారు, అదే దాని లోపం. మూత్రం, కన్నీళ్లు నారింజ రంగులోకి మారతాయి, భయపడనక్కర్లేదు. కాంటాక్ట్ లెన్సులు మాత్రం తీసేయాలి. గర్భనిరోధక మాత్రల పని చెడగొడుతుంది. నాయనమ్మ గుండెకోసం రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. వదిన గర్భవతి అయితే చాలామంది డాక్టర్లు సెఫ్‌ట్రియాక్సోన్ 250 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఒకటి చేస్తారు.

2005లో ఢిల్లీలో ఈ జబ్బు చెలరేగినప్పుడు రోగుల నుంచి తీసిన సూక్ష్మజీవుల్లో సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగనివి బయటపడ్డాయి. కాబట్టి మన దేశంలో ఏ మందు ఎంచుకోవాలన్నది స్థానికంగా ఏది పనిచేస్తోందో తెలిసిన డాక్టరు తేల్చాలి, మందుల షాపు కాదు.

మొదటి 24 గంటల్లో మింగితే మేలు. గొంతు పరీక్ష ఫలితం కోసం ఆగకూడదు. 14 రోజులు దాటితే ప్రయోజనం బాగా తగ్గిపోతుంది. తరచూ మరిచిపోయేది రోగి గొంతునే. పెన్సిలిన్‌తో జబ్బు నయమైనా గొంతులోని సూక్ష్మజీవి పోకపోవచ్చు, కాబట్టి ఇంటికి పంపేలోపు అతనికీ మాత్ర పడాలి. సెఫ్‌ట్రియాక్సోన్‌తో వైద్యం జరిగి ఉంటే అవసరం లేదు.

ఇప్పటికే రక్తంలోకి చేరిన జబ్బును ఒక్క మాత్ర ఆపలేదు. అందుకే మాత్ర మింగిన ఇంట్లో కూడా ఎవరికైనా జ్వరం, వాంతులు, తీవ్రమైన తలనొప్పి, మగత కనిపిస్తే అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చామనఛాయ ఒంటిమీద మచ్చలు సులువుగా కనబడవు. అరచేతులు, అరికాళ్లు, కంటి రెప్ప లోపల చూడాలి. ఇంట్లో ఒకరికి మెనింగోకాకస్ వచ్చిందని, మాత్ర ఏ రోజు మింగారో కూడా డ్యూటీ డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి.