ఫ్యాన్ రెక్కల మీద జిడ్డు దుమ్ము: గదంతా రాలకుండా ఎలా తీయాలి?

ఈరోజు కోడింగ్ లేదు, ఫోన్ సెట్టింగ్స్ లేవు, సీలింగ్ ఫ్యాన్ ఉంది. అందులోనూ వంటింటి పక్కన తిరిగే ఫ్యాన్. బెడ్‌రూమ్ ఫ్యాన్‌ని ఎవరైనా తుడిచేస్తారు. అసలు తలనొప్పి ఈ జిడ్డు ఫ్యాన్‌తోనే.

కేసు మా పిన్ని వాళ్ళింటిది. చిన్న ఫ్లాట్, హాల్‌కీ కిచెన్‌కీ మధ్య తలుపు లేదు. పోపు పెట్టినా, బజ్జీలు వేసినా పొగంతా హాల్లోకే వస్తుంది. బాబాయికి ఆయాసం ఉంది, దుమ్ము లేస్తే ఇన్‌హేలర్ తీయాల్సిందే. అందుకే ఫ్యాన్ తుడిచే రోజు ఆయన్ని పక్కింటికి పంపించేవాళ్ళు. బూజుకర్రతో దులిపితే దుమ్ము సోఫా మీద, టీవీ మీద, మంచం మీద పడేది. ఆ సాయంత్రం ఆయన ఇంటికి రాగానే దగ్గు మొదలు. "ఏరా, ఇది రాలకుండా తీసే మార్గమే లేదా?" అని పిన్ని అడిగింది. ఉంది. ముందు ఆ రెక్క మీద ఏముందో చూద్దాం.

స్విచ్ ఆపి, రెక్క మీద వేలితో ఒక గీత గీయండి. వేలికి పొడిలా అంటి, ఊదితే ఎగిరిపోతే అది మామూలు దుమ్ము. వేలికి అతుక్కుని, రుద్దితే నల్లటి ఉండల్లా చుట్టుకుంటే జిడ్డు. వేడి నూనె నుంచి లేచే సన్నటి తుంపర గాలిలో తేలి వచ్చి రెక్కకు అంటుకుంటుంది. కొన్ని వారాలు గాలి తగిలేసరికి అది చిక్కబడి జిగురులా మారుతుంది. స్టవ్ వెనక టైల్స్ మీద పసుపురంగు బంక చూసుంటారు కదా, అదే ఇది. ఆ జిగురు మీద దుమ్ము, దాని మీద మళ్ళీ నూనె, ఇలా పొరలు పేరుకుంటాయి. రెక్క తిరిగేటప్పుడు గాలిని ముందుగా చీల్చే అంచు ఉంటుంది చూడండి, అక్కడ నల్లటి మందపాటి గీత కనిపిస్తుంది. తుడిచేటప్పుడు ఎక్కువ టైమ్ అడిగేది ఆ అంచే.

అంటే మన దగ్గర రెండు పొరలున్నాయి. పైన వదులు దుమ్ము, కింద బంక. బూజుకర్ర పై పొరను గదంతా చల్లుతుంది, కింది పొరను తాకను కూడా తాకదు. నేరుగా తడిగుడ్డ పెడితే పై పొర బురదై, చుక్కలుగా కిందపడుతుంది. అందుకే రెండిటినీ విడివిడిగా తీయాలి.

మొదలుపెట్టే ముందు కరెంటు సంగతి. రిమోట్‌తో ఆపితే సరిపోదు, ఎందుకంటే రిమోట్ ఫ్యాన్ ఆగినా లోపలి సర్క్యూట్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది. గోడ స్విచ్ కూడా ఆపండి. కొన్ని పాత ఇళ్ళలో వైరింగ్ తిరగేసి ఉంటుంది, స్విచ్ ఆపినా ఫ్యాన్ దాకా కరెంటు ఉండొచ్చు. కాబట్టి ఆ గది ఎంసీబీ దించేయడమే సేఫ్. పగలు చేయండి, లైట్ గోల ఉండదు. ఎక్కడానికి ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద స్టూల్ లాంటి విన్యాసాలు వద్దు. మడత నిచ్చెన, కింద పట్టుకోవడానికి ఒక మనిషి. ఫ్యాన్ కింద పాత దుప్పటి పరవండి.

ఇక పై పొర. పాత కాటన్ దిండు గలీబు ఒకటి తీసుకోండి. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్ రెక్క అందులో హాయిగా పడుతుంది. రెక్కకు గలీబు తొడిగి, మోటారు వైపు నుంచి మొదలుపెట్టి, రెండు అరచేతులతో పైనా కిందా ఒత్తి పట్టుకుని, మెల్లగా చివరికి లాగండి. ఊడిన దుమ్ము గలీబులోనే ఉంటుంది. విసురుగా లాగితే మూతి దగ్గర నుంచి బయటకు తన్నుతుంది, తొందరపడొద్దు. మూడు రెక్కలూ అయ్యాక మూతి ముడేసి బయటకు తీసుకెళ్ళి అక్కడ తిరగేయండి. బాల్కనీలో దులిపితే గాలికి మళ్ళీ ఇంట్లోకే వస్తుంది, నేరుగా బకెట్ నీళ్ళలో ముంచేయడం బెటర్.

ఇప్పుడు బంక. ఇక్కడే చాలామంది బలం పెట్టి రుద్దుతారు, నిజానికి కావాల్సింది టైమ్. ఒక లీటరు గోరువెచ్చని నీళ్ళలో ఒక టీస్పూన్ గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. సబ్బు అణువుకు ఒక కొస నూనెను పట్టుకుంటుంది, ఇంకో కొస నీటిని పట్టుకుంటుంది, అలా బంకను కొంచెం కొంచెంగా లేపుతుంది. ఆ పనికి కొన్ని నిమిషాలు పడుతుంది. పాత లుంగీని మూడు ముక్కలు చేసి, ఈ నీళ్ళలో ముంచి, ఒక్క చుక్క కూడా కారనంతగా పిండండి. ఒక్కో రెక్కకు ఒక్కో ముక్క చుట్టి, బట్టల క్లిప్పులు పెట్టి, పది నిమిషాలు వదిలేయండి. మోటారుకి నాలుగు వేళ్ళ దూరంలో గుడ్డ ఆపేయండి. స్ప్రే బాటిల్ మాత్రం వద్దు, ఆ తుంపర మోటారు సందుల్లోకి పోతుంది.

పది నిమిషాల తర్వాత ఆ గుడ్డతోనే రెక్కను రెండు వైపులా మూసి పట్టుకుని చివరికి లాగండి. పిన్ని వాళ్ళ ఫ్యాన్‌కి మొదటిసారి చాలావరకు వచ్చేసింది, ఆ ముందు అంచు గీత మాత్రం మిగిలింది. దానికి ఇంకో పది నిమిషాలు గుడ్డ చుట్టాం, అప్పుడు గోరు కూడా పెట్టకుండా వచ్చేసింది. తర్వాత మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో ఒకసారి తుడవండి, లేకపోతే మిగిలిన సబ్బే కొత్త దుమ్మును పట్టుకుంటుంది. చివరగా పొడిగుడ్డ. దుప్పటి మీద రాలింది చూస్తే చిటికెడు కూడా లేదు. బాబాయి పక్క గదిలోనే తలుపేసుకుని కూర్చున్నారు, దగ్గు రాలేదు.

మరి నెట్‌లో చెప్పే నిమ్మకాయ, వెనిగర్? పులుపు నీటి మరకలకు బాగుంటుంది, నూనె బంక మీద పెద్దగా పనిచేయదు. వంటసోడా, వెనిగర్ కలిపితే నురగ భలే వస్తుంది, కానీ రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, వీడియోకి తప్ప దేనికీ పనికిరాదు. కిరోసిన్ బంకను కరిగిస్తుంది, కాకపోతే మంట అంటుకునే సరుకు, మోటారు దగ్గర పెట్టే సాహసం వద్దు. స్టీల్ పీచు పెయింట్‌ని గీకేస్తుంది, ఆ గీతల్లోనే మళ్ళీ జిడ్డు చేరుతుంది. ఇంత చేశాక కూడా తెల్ల రెక్క పసుపుగానే ఉంటే, వేలికి జారుడుగా లేకపోతే, అది పెయింట్ రంగు మారడం. ఇక రుద్దొద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం. తుడిచేటప్పుడు రెక్కను కిందికి నొక్కకూడదు, ఒక చెయ్యి ఎప్పుడూ కింద ఆనించి ఉండాలి. రెక్కగానీ, దాన్ని మోటారుకి కలిపే పట్టీగానీ కొంచెం వంగినా ఫ్యాన్ ఊగుతుంది. అంతా ఆరాక, ఓ అరగంట ఆగి, స్లో స్పీడ్‌లో వేసి చూడండి. ముందు లేని ఊగుడు ఇప్పుడు వస్తే వెంటనే ఆపి, ఎంసీబీ దించి, రెక్కల స్క్రూలు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత టేపుతో సీలింగ్ నుంచి ఒక రెక్క కొస దాకా కొలవండి. ఫ్యాన్‌ని చేత్తో తిప్పుతూ, టేపు అక్కడే ఉంచి, మిగతా రెండు రెక్కల కొసలూ కొలవండి. ఒకటి మాత్రం తేడాగా ఉంటే వంగింది అదే. మీరే వంచి సరిచేయకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

మళ్ళీ ఎప్పుడు చేయాలి అంటే డేట్ పెట్టుకోనక్కర్లేదు, ఆ వేలి గీతే చెబుతుంది. ఇంకా పొడిగా ఉంటే గలీబు ఒక్కటే చాలు, రెండు నిమిషాల పని. వేలికి అతుక్కోవడం మొదలైతే లుంగీ ముక్కలు తీయండి. నూనె వంటలు అయ్యాక కూడా ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని ఓ పది నిమిషాలు తిరగనివ్వమని పిన్నికి చెప్పాను. "కరెంటు బిల్లు నువ్వు కడతావా?" అంది.