120 ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక వేరుశనగ నూనె గానుగకు బ్యాంకు రుణం కోసం ఎక్సెల్‌లో అంచనాలు తయారు చేస్తున్నారనుకుందాం. నెలకు 2,000 కిలోల పల్లీలు, కిలో 120 రూపాయలు. ఖర్చుల షీటులో ఎవరో `=2000*120` అని కొట్టారు. నెలపాటు నిల్వ ఉంచాల్సిన సరుకుకు ఎంత పెట్టుబడి కావాలో చూసే షీటులోనూ అదే లెక్క మళ్లీ పడింది.

పల్లీల ధర 128కి పెరిగింది. ఖర్చుల షీటులో దిద్దారు, రెండోది మరిచారు. ఒకచోట 2,56,000, ఇంకోచోట 2,40,000. ఎక్సెల్ కిమ్మనదు, దాని దృష్టిలో రెండూ సరైన గుణకారాలే. అడగాల్సిన రుణంలో మాత్రం 16,000 తగ్గిపోయింది.

అందుకే అనుభవమున్న అకౌంటెంట్లు ముందుగా `Assumptions` అని ఒక షీటు తెరుస్తారు. వరుసకు ఒక్క అంకె. దాని పక్కనే పేరు, విలువ, కొలమానం, ఎక్కడిది, ఏ తేదీది. చాలామంది వదిలేసేది ఆ చివరి రెండు గళ్లనే. ‘మార్కెట్ ధర’ అని రాస్తే చాలదు. ఏ వ్యాపారి ఇచ్చిన కొటేషనో, ఏ రోజుదో ఉండాలి. చేత్తో కొట్టిన అంకెలకు నీలం రంగు, ఫార్ములాలకు నలుపు వేయడం ఈ రంగంలో వాడుక. ధర C4లో, పరిమాణం C5లో ఉంటే మిగతా షీట్లన్నిటిలో ఇలా రాస్తారు:

```
=Assumptions!$C$4*Assumptions!$C$5
```

ఇంతవరకు తేలికే. చిక్కంతా వేరే పేరుతో దాక్కున్న జంట అంకెలతో. నూనె 40 శాతం, చెక్క 58, తరుగు 2 అని మూడూ కొట్టేస్తారు. రేపు నూనె 38 శాతమే వస్తుందని తేలి ఆ ఒక్కటీ మారిస్తే మొత్తం 98 అవుతుంది. నెలకు 40 కిలోలు కాగితం మీదే మాయం! నూనె, తరుగు మాత్రమే కొట్టాలి. చెక్కను 100 శాతం నుంచి ఆ రెండూ తీసేసే ఫార్ములాకు వదిలేయాలి.

పాత ఫైలును బాగుచేయాలంటే `Go To Special`లో `Constants` ఎంచుకుని, `Numbers` ఒక్కదానికే టిక్ ఉంచితే చేత్తో కొట్టిన అంకెలన్నీ వెలుగులోకి వస్తాయి. అయితే `=B5*1.08` లాంటి ఫార్ములా పొట్టలో కూర్చున్న 1.08 దానికి చిక్కదు. అలాంటివాటి కోసం `Ctrl+`ను, ఎస్కేప్ మీట కింద ఉండే వాలు గీతను కలిపి నొక్కాలి. గళ్లలో జవాబులకు బదులు ఫార్ములాలే కనిపిస్తాయి; వాటిని కళ్లతో వెతకాల్సిందే.

ఆ తర్వాత మొరటు పరీక్ష ఒకటుంది. పల్లీల ధరను కాసేపు 1,200 చేసి షీట్లన్నీ తిరిగి చూడాలి. ధర పదింతలైనా సరుకు నిల్వ విలువ కదలలేదంటే, పాత 120 ఇంకా అక్కడెక్కడో ఉన్నట్టే. అలాగే C4 మీద `Trace Dependents` నొక్కినా బాణం రాకపోతే ఆ గడిని ఏ ఫార్ములా వాడటం లేదని అర్థం. ఆ కొటేషనే తప్పయితే మాత్రం ఈ పరీక్షలేవీ పట్టుకోలేవు. దానికి ఆ వ్యాపారికి ఫోన్ చేయాల్సిందే.