రోజుకు ఒక్కటైనా గుండెకు తక్కువేం కాదు

"రోజుకు ఒక్కటేగా, దానికే ఏమైపోతుంది?" కాలేజీ పక్కన టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు తరచూ అనే మాట ఇది. నువ్వూ వినే ఉంటావు. కానీ గుండె విషయంలో ఈ లెక్క తప్పు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, రోజుకు 20 సిగరెట్లు కాల్చేవారికి గుండెజబ్బు ముప్పు ఎంత అదనంగా పెరుగుతుందో, అందులో మగవారికైతే దాదాపు సగం, ఆడవారికైతే మూడోవంతు రోజుకు ఒక్కటి కాల్చినా వచ్చేస్తుంది.

ఎందుకో చూద్దాం. పొగ పీల్చిన కొన్ని సెకన్లకే నికోటిన్ మెదడుకు చేరుతుంది, ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, కాసేపు బీపీ పెరుగుతుంది. ఖైనీ, గుట్కాల్లో పొగ లేకపోయినా నికోటిన్ ఉంటుంది కాబట్టి ఈ పని అవీ చేస్తాయి. వేగంగా కొట్టుకునే గుండెకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది.

అసలు దెబ్బ రక్తనాళం లోపలి గోడకు తగులుతుంది. అక్కడ ఒకే ఒక్క కణం మందంలో నున్నటి పొర ఉంటుంది. నాళాన్ని వదులుగా ఉంచేదీ, రక్తం గోడకు అంటుకోకుండా చూసేదీ అదే. పొగలోని రసాయనాలకు అది దెబ్బతింటే చెడు కొలెస్ట్రాల్ గోడలోకి దూరుతుంది. దాన్ని మింగడానికి వచ్చిన తెల్లరక్తకణాలు ఉబ్బిపోయి అక్కడే ఉండిపోతాయి. ఇలా ఏళ్ల తరబడి పేరుకున్నదే పూడిక. ఇది టీనేజీలోనే మొదలుకావచ్చు.

ఇప్పుడు ఒక యువకుడి గుండె ధమనిలో 40 శాతం పూడిక ఉందనుకుందాం. మిగతా దారిలో రక్తం చక్కగా పారుతుంది. నొప్పి ఉండదు, ఈసీజీ కూడా మామూలుగానే రావచ్చు. ఒకరోజు ఆ పూడిక పైపొర చిట్లుతుంది. మోకాలు గీరుకుపోతే రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లే దాన్నీ గాయం అనుకుని అక్కడ మూగుతాయి. పొగ తాగేవారిలో అవి ముందే జిగురెక్కి ఉంటాయి. గడ్డ త్వరగా పెరిగి నాళం పూర్తిగా మూసుకుపోతే అదే గుండెపోటు. ప్లేట్‌లెట్లు అలా జిగురెక్కడానికి కొద్దిపాటి పొగ చాలు. ఒక్క సిగరెట్టుకే అంత ముప్పు ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

ఛాతీ బరువెక్కి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడుతుంటే వయసు చూసి గ్యాస్ అని కొట్టిపారేయకు, వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

మానేస్తే ఒక్క రోజులోనే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ దాదాపు పోతుంది. కొన్ని వారాల్లో ప్లేట్‌లెట్ల జిగురు తగ్గుతుంది. ఏడాది గడిచేసరికి అదనపు ముప్పు సుమారు సగానికి దిగుతుంది. ఉన్న పూడిక పూర్తిగా కరగకపోవచ్చు, కానీ దాని మీద గడ్డ కట్టే అవకాశం తగ్గుతుంది. 20 నుంచి ఒకటికి తగ్గించినా ఇంత మేలు జరగదు. గుండె విషయంలో సురక్షితమైన సంఖ్య సున్నా ఒక్కటే.